"రోజుకు రెండుసార్లు" అని రాసి వదిలేయకండి, ఎప్పుడెప్పుడో రాయండి

డాక్టరు చీటీలో ఇంగ్లిషులో ఉన్నదాన్ని ఇంట్లో పెద్దవాళ్ళకి తెలుగులో రాసిపెట్టమంటే మనలో చాలామంది చేసే పని ఒకటే. మందు పేరు రాస్తారు, పక్కన "రోజుకు రెండుసార్లు, భోజనానికి ముందు" అని రాస్తారు, తర్వాతి మందుకి వెళ్ళిపోతారు. అందులో తప్పేమీ లేదు, డాక్టరు రాసింది అదే. కానీ రేపు పొద్దున ఆరింటికి ఏ మాత్ర వేసుకోవాలో ఆ కాగితం చెప్పదు. అది చదివే మనిషే ఊహించుకోవాలి, తప్పులన్నీ ఆ ఊహలోనే జరుగుతాయి. ఖమ్మం దగ్గర ఒక చిన్న టౌనులో మెడికల్ షాపు కౌంటర్ వెనక నిలబడి ఏళ్ళుగా ఇలాంటి కాగితాలు చూస్తున్నాను కాబట్టి ఈ మాట గట్టిగా అంటున్నాను. చీటీని వరసపెట్టి తెలుగు చేస్తే సరిపోదు. దాన్ని విప్పి, ఆ మనిషి లేచినప్పటి నుంచి పడుకునేదాకా ఉన్న రోజులోకి సర్ది రాయాలి.

ఎందుకంటే చీటీ మందుల వారీగా ఉంటుంది, మనిషి రోజు గడిచేది పూటల వారీగా. ఎనిమిది మందులుంటే చీటీలో ఎనిమిది వరసలుంటాయి, పొద్దున లేవగానే ఏం వేసుకోవాలో తెలియాలంటే ఆ ఎనిమిది వరసలూ చదివి, అందులో పొద్దుటివి ఏరి, మళ్ళీ వాటిలో తినకముందువి, తిన్నాకవి విడదీసుకోవాలి. కళ్ళద్దాలు పెట్టుకుంటే తప్ప అక్షరం కనిపించని అరవై అయిదేళ్ళ మనిషితో రోజుకు నాలుగుసార్లు ఈ పని చేయించడం అన్యాయం.

మన డాక్టర్లు రాసే 1-0-1 పద్ధతి మంచిదే, నేను దాన్ని తీసిపారేయను. అక్షరాలు రానివాళ్ళకి కూడా "పొద్దున ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి" అని వేళ్ళ మీద చూపించి చెప్పొచ్చు. రోజుకు ఒకసారికి ఓడీ, రెండుసార్లకి బీడీ, మూడుసార్లకి టీడీఎస్ అని గొలుసుకట్టు రాతలో రాసేదానికంటే ఇది వెయ్యి రెట్లు నయం. కాకపోతే అది మూడు గళ్ళే చూపిస్తుంది. పొద్దున అంటే లేవగానేనా, టీ తాగాకా, టిఫిను ముందా, టిఫిను తర్వాతా? ఒక్క "పొద్దున" గడిలోనే నాలుగు వేర్వేరు వేళలున్నాయి, కొన్ని మందులకి ఆ నాలుగింటి మధ్య తేడా చాలా పెద్దది.

ఉదాహరణకి ఒక చీటీ తీసుకుందాం. మా దగ్గరికి వచ్చే ఒక పెద్దమ్మది. థైరాయిడ్ ఉంది, షుగర్ ఉంది, బీపీ ఉంది, మోకాళ్ళ నొప్పులున్నాయి, అంటే మన దగ్గర ఆ వయసులో చాలామందికి ఉండేవే. చీటీలో థైరాక్సిన్ 50 మైక్రోగ్రాములు పొద్దున ఖాళీ కడుపుతో, గ్యాస్‌కి పాంటోప్రజోల్ 40 పొద్దున తినకముందు, గ్లిమిపిరైడ్ 1, మెట్‌ఫార్మిన్ 500 కలిసిన షుగర్ మాత్ర 1-0-1 తినకముందు, బీపీకి టెల్మిసార్టాన్ 40 పొద్దున, కాల్షియం మధ్యాహ్నం తిన్నాక, కొలెస్ట్రాల్‌కి అటోర్వాస్టాటిన్ 10 రాత్రి, విటమిన్ డి 60,000 యూనిట్ల క్యాప్సూల్ వారానికొకటి ఎనిమిది వారాలు, చివర్లో పారాసిటమాల్ 650, దాని పక్కన ఎస్ఓఎస్, అంటే అవసరమైతేనే అని.

వాళ్ళబ్బాయి హైదరాబాదులో ఉద్యోగం చేస్తాడు. తల్లి మీద శ్రద్ధ ఉన్నవాడే, చీటీ ఫోటో చూసి ఒక్కో మందుకీ వాట్సాప్‌లో తెలుగులో రాసి పంపాడు. షుగర్ మాత్రకి "ఉదయం, సాయంత్రం, భోజనానికి ముందు" అని రాశాడు. ఆమె పక్కింటి పిల్లతో చదివించుకుని, అచ్చం అలాగే, సాయంత్రం అయిదింటికి టీ పెట్టుకుంటూ మాత్ర వేసుకుంది. భోజనం ఎనిమిదిన్నరకి. మాత్ర భోజనానికి ముందే పడింది కదా! కొన్నాళ్ళకి ఆమె షాపుకొచ్చి, "ఏడింటికల్లా ఒళ్ళంతా చెమటలు పడుతున్నాయి బిడ్డా, చేతులు వణుకుతున్నాయి, అన్నం తింటే సర్దుకుంటోంది, నీరసానికి ఏమన్నా టానిక్ ఇవ్వు" అంది. అది నీరసం కాదు, షుగర్ పడిపోవడం. గ్లిమిపిరైడ్ పొట్టలో తిండి ఉన్నా లేకపోయినా ఇన్సులిన్‌ని బయటికి తెప్పిస్తుంది. తిండి రాకపోతే రక్తంలో చక్కెర కిందికి దిగిపోతుంది. టానిక్ ఇవ్వలేదు. ఆమె ఎదుటే డాక్టరుకి ఫోన్ చేశాను. సాయంత్రం టీతో వేసుకుంటోందని చెప్పగానే ఆయనకి అర్థమైపోయింది.

ఇక్కడ "సాయంత్రం" అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. ఇంగ్లిషులో డాక్టర్లు మార్నింగ్, ఈవెనింగ్ అంటారు, ఆ ఈవెనింగ్ అనే మాట వాళ్ళకి రాత్రి భోజనం దాకా సాగుతుంది. తెలుగులో సాయంత్రం అంటే పొద్దు వాలే వేళ, పిల్లలు బడి నుంచి వచ్చే వేళ, టీ వేళ. ఎనిమిదిన్నరకి తినే భోజనాన్ని మనం సాయంత్రం భోజనం అనం, రాత్రి భోజనమనే అంటాం. కొన్ని ఊళ్ళలో "మాపటికి వేసుకో" అంటేనే అర్థమవుతుంది, ఇంకొన్ని చోట్ల పొద్దున అనేదాన్ని "పొద్దుగాల" అంటారు. ఆ మనిషి ఏ మాట వాడుతుందో అదే రాయాలి. కానీ ఈవెనింగ్‌ని సాయంత్రం చేయడం మాత్రం, మందు నిజంగా అయిదింటికే పడాల్సింది కాకపోతే, ఎప్పుడూ చేయకూడదు.

రెండోది "భోజనం". పట్నాల్లో పొద్దున ఇడ్లీ తింటారు, దాన్ని టిఫిను అంటారు. అది భోజనం కాదు. భోజనమంటే అన్నం. అందుకని "భోజనానికి ముందు" అని రాసిన పొద్దుటి షుగర్ మాత్రని మధ్యాహ్నం ఒంటిగంటకి అన్నం ముందు వేసుకునేవాళ్ళు నాకు మళ్ళీ మళ్ళీ తగులుతూనే ఉంటారు. తినేది టిఫినే అయినప్పుడు భోజనం ముందు ఎలా వేసుకుంటారు, వాళ్ళ తర్కం సరైనదే. పొలం పనులకెళ్ళే ఇళ్ళలో కథ ఇంకోలా ఉంటుంది. పొద్దున తొమ్మిదింటికి కడుపునిండా అన్నమే తిని వెళ్తారు, మధ్యాహ్నం ఏదో కొంచెం, మళ్ళీ రాత్రి అన్నం. వాళ్ళకి "టిఫినుకి ముందు" అని రాస్తే, టిఫినే లేదు కాబట్టి ఆ మాత్ర డబ్బాలోనే మిగిలిపోతుంది. అందుకే రాసే ముందు ఆ ఇంట్లో ఏ వేళకి ఏం తింటారో అడగడం తప్పనిసరి. అది అడగకుండా రాసిన తెలుగు ఎంత అందంగా ఉన్నా పనికిరాదు.

పైగా "ముందు" అనేది ఎంత ముందు? పాంటోప్రజోల్‌కి తినడానికి అరగంట ముందు కావాలి, ఎందుకంటే కడుపులో ఆమ్లం తయారయ్యే పని మొదలయ్యేసరికి మందు రక్తంలో సిద్ధంగా ఉండాలి. షుగర్ మాత్రకి అలా అరగంట వదిలేయడమే ప్రమాదం. వేసుకున్నాక చుట్టాలొచ్చారనో గ్యాస్ అయిపోయిందనో తిండి గంట ఆలస్యమైతే ఏమవుతుందో పైన చూశాం. రెంటికీ చీటీలో ఒకటే మాట ఉంటుంది, "తినకముందు" అని. దాన్ని ఉన్నది ఉన్నట్టు తెలుగులోకి తెస్తే రెంటికీ ఒకటే వేళ అయిపోతుంది. నేను పాంటోప్రజోల్‌కి "టిఫినుకి అరగంట ముందు" అని రాస్తాను. షుగర్ మాత్రకి డాక్టరుతో మాట్లాడాక "కంచం ముందు పెట్టుకున్నాక మాత్ర, వెంటనే ముద్ద" అని రాశాను. ఈ రాత ఆ పెద్దమ్మకి అనువాదంలా అనిపించదు, ఇంట్లోవాళ్ళు చెప్పిన మాటలా ఉంటుంది.

దీనికి ఇంకో కొస ఉంది. ఆమె శనివారం ఒక్కపొద్దు ఉంటుంది. మరి ఆ రోజు రెండు మాత్రలా, ఒకటా? చీటీలో ఆ ముచ్చటే లేదు, డాక్టరుకి ఆమె చెప్పలేదు, డాక్టరు అడగలేదు. తిండి లేని పూట గ్లిమిపిరైడ్ ఉన్న మాత్ర వేసుకోకూడదు అనేది మామూలుగా అందరు డాక్టర్లూ చెప్పేదే, అయినా నేను అడిగే రాశాను. "శనివారం తినే పూటే షుగర్ మాత్ర. తినని పూట వద్దు." ఏకాదశులు, రంజాన్ ఉపవాసాలు, కార్తీక సోమవారాలు, ఇవన్నీ మన దగ్గర మందుల వేళల్ని మార్చేసే సంగతులు. రంజాన్‌లో అయితే మాత్ర ఎంత, ఎప్పుడు అనేదే మారాల్సి రావచ్చు, ముందుగానే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. తెలుగులో రాసిపెట్టేవాళ్ళకి ఇవి గుర్తొచ్చినంతగా, ఓపీలో వందమందిని చూసే డాక్టరుకి గుర్తు రావు.

ఇక పరగడుపు. ఈ మాట అందరికీ తెలుసు కాబట్టి అందరూ ధైర్యంగా రాసేస్తారు. కానీ పరగడుపున అంటే మా వైపు చాలామందికి అర్థం ఏమీ తినకుండా అని మాత్రమే. టీ తాగడం తినడం కింద లెక్క లేదు. "పరగడుపునే వేసుకుంటున్నా బిడ్డా, టీ తాగేటప్పుడు" అని నిజాయితీగా చెప్తారు. థైరాక్సిన్‌ని టీతోనో కాఫీతోనో పాలతోనో వేసుకుంటే పేగులు దాన్ని సరిగ్గా పీల్చుకోవు. మూడు నెలల తర్వాత పరీక్షలో, ఒంట్లో థైరాయిడ్ తక్కువైతే పెరిగే టీఎస్‌హెచ్ పెరిగి కనిపిస్తుంది, డాక్టరు మాత్ర సరిపోవట్లేదనుకుని డోసు పెంచుతాడు, మాత్రలో లోపం లేకుండానే మనిషి పెద్ద డోసుకి వెళ్తుంది. అందుకని ఇక్కడ పరగడుపు అన్న మాట ఒక్కటీ చాలదు. "లేవగానే, మంచినీళ్ళతో మాత్రమే. ఆ తర్వాత ముప్పావుగంట నుంచి గంట దాకా టీ కూడా వద్దు" అని రాయాలి. కాల్షియం, ఐరన్ మాత్రలు థైరాక్సిన్‌కి కనీసం నాలుగు గంటలు దూరంగా ఉండాలి. ఈ చీటీలో డాక్టరు కాల్షియం మధ్యాహ్నం రాసింది అందుకే కావచ్చు. పిల్లలు ఒక్కోసారి "అమ్మకి మూడు పూటలా గుర్తుండదు, అన్నీ పొద్దున్నే ఇచ్చేద్దాం" అని మధ్యాహ్నం మాత్రని పొద్దుటికి జరిపేస్తారు. ప్రేమతోనే చేస్తారు, కానీ ఎందుకు వేరుగా పెట్టారో తెలియకుండా వేళ మార్చకూడదు.

వారానికొకటి అనే మందు దగ్గర నాకు అన్నిటికంటే ఎక్కువ భయం. విటమిన్ డి 60,000 యూనిట్ల క్యాప్సూల్‌ని వారానికొకటి వేసుకోమంటే రోజుకొకటి వేసుకునేవాళ్ళున్నారు. ఫోన్లో చెప్పేటప్పుడు "వారం ఒకటమ్మా" అంటాం. అవతల మనిషికి అది "వారం రోజులు, ఒకటి చొప్పున" అని వినపడుతుంది, ఎందుకంటే జ్వరం మాత్రలన్నీ మనం అలాగే చెప్తాం, "అయిదు రోజులు ఒక్కోటి" అని. అలా నెలల తరబడి రోజూ వేసుకుంటే రక్తంలో కాల్షియం పెరిగిపోయి వాంతులు, మలబద్ధకం, మగత, చివరికి కిడ్నీలు దెబ్బతినేదాకా వెళ్తుంది. ఇంతకంటే ఘోరమైనది కీళ్ళవాతానికి, సోరియాసిస్‌కి ఇచ్చే మెథోట్రెక్సేట్. వారానికి ఒక్కరోజే వేసుకోవాల్సిన ఆ మందుని రోజూ వేసుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు, ప్రపంచమంతటా మందుల భద్రత గురించి పనిచేసేవాళ్ళు దీన్ని గురించి పదేపదే హెచ్చరిస్తూనే ఉన్నారు. నోట్లో పుళ్ళు, జ్వరం, ఒంటి మీద కమిలిన మచ్చలు కనిపిస్తే అప్పటికే ఎముక మజ్జ దెబ్బతింటోందని అనుమానించాలి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

కాబట్టి వారం మందుకి "వారానికి ఒకసారి" అని రాయడం నా లెక్కలో సగం పనే. రోజు పేరు పెట్టాలి, "ఆదివారం మాత్రమే" అని. అది కూడా చాలదు, మిగతా రోజుల సంగతి కూడా చెప్పాలి, "సోమవారం నుంచి శనివారం దాకా ఈ మందు ముట్టుకోవద్దు" అని. ఎప్పటితో ఆపాలో తేదీ వేయాలి. ఎనిమిది వారాలంటే ఎనిమిది ఆదివారాలు, కాగితం మీద ఎనిమిది తేదీలు రాసి పక్కన గడులు గీస్తే, వేసుకున్నప్పుడల్లా టిక్కు పెట్టుకుంటారు. గడులు అయిపోతే మందు అయిపోయినట్టే. మెథోట్రెక్సేట్ అయితే నేను ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పందే స్ట్రిప్పు చేతికివ్వను.

ఎస్ఓఎస్ అనేదాన్ని "అవసరమైతే" అని రాస్తారు. దేనికి అవసరమైతే? ఎన్ని? ఒకటి వేసుకున్నాక తగ్గకపోతే ఎంతసేపటికి ఇంకోటి? రోజుకి మొత్తం ఎన్ని దాటకూడదు? ఈ నాలుగింటికీ జవాబు లేకుండా "అవసరమైతే" అని వదిలేస్తే, మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషికి ఎప్పుడూ అవసరమే. పెద్దమ్మ కాగితంలో డాక్టరుని అడిగి ఇలా రాశాను. "మోకాలు నొప్పి బాగా ఎక్కువగా ఉంటేనే ఒకటి. ఇంకోటి వేసుకోవాలంటే కనీసం ఆరు గంటలు ఆగాలి. పొద్దున నుంచి మర్నాడు పొద్దుటిదాకా మూడుకి మించొద్దు. జలుబు మాత్ర ఏదైనా వేసుకుంటే ముందు షాపులో అడగాలి." ఆఖరి వాక్యం ఎందుకంటే జలుబు మాత్రల్లో చాలావాటిలో పారాసిటమాలే ఉంటుంది, పేరు వేరు కాబట్టి అది వేరే మందనుకుంటారు, రెండూ కలిసి లివర్ మీద పడతాయి.

పిల్లల సిరప్పుల్లో ఇదే సంగతి ఇంకాస్త ముదురుతుంది. పారాసిటమాల్ సిరప్పు ఒకటి 5 మిల్లీలీటర్లలో 120 లేదా 125 మిల్లీగ్రాములది ఉంటుంది, ఇంకోటి 250ది ఉంటుంది, చుక్కల మందైతే ఒక్క మిల్లీలీటరులోనే 100 ఉంటుంది. "ఒక చెంచా" అని రాస్తే ఏ సీసాలోది, ఏ చెంచా అన్నది ఎవరికి తెలుసు. మిల్లీలీటర్లలో రాసి, సీసాతో వచ్చిన మూతమీదో సిరంజి మీదో ఆ గీత దగ్గర పెన్నుతో గుర్తు పెట్టి ఇవ్వడం ఒక్కటే దారి.

అన్నీ ఇంత బిగించి రాయాలా అంటే, వద్దు. ఇది కూడా అంతే ముఖ్యం. ఈ చీటీలోనే అటోర్వాస్టాటిన్ ఉంది, అది రోజులో ఎప్పుడు వేసుకున్నా పనిచేస్తుంది, రోజూ ఒకే వేళకి పడితే చాలు. బీపీ మాత్ర టెల్మిసార్టాన్ తిన్నాకా తినకముందా అన్నది పెద్ద విషయం కాదు. వాటికి కూడా నిమిషాలు, గంటలు, షరతులు పెట్టి రాస్తే చదివేవాళ్ళకి టెన్షన్ తప్ప ఏమీ మిగలదు, పైగా కాగితమంతా హెచ్చరికలే ఉంటే నిజంగా జాగ్రత్త పడాల్సిన షుగర్ మాత్ర, వారం క్యాప్సూల్ వాటిలో కలిసిపోతాయి. ఎక్కడ బిగించాలో ఎక్కడ వదలాలో తెలియాలంటే భాష ఒక్కటే వస్తే సరిపోదు, ఆ వేళ ఎందుకు పెట్టారో తెలియాలి. తెలియకపోతే అడగాలి. ఫార్మసిస్టుని అడగొచ్చు, డాక్టరు దగ్గరి నర్సుని అడగొచ్చు.

అడగకుండా సొంతంగా బిగించేవాళ్ళ గురించి కూడా చెప్పాలి. టీడీఎస్ అంటే రోజుకు మూడుసార్లు. కొందరు దాన్ని లెక్కగట్టి "ప్రతి ఎనిమిది గంటలకి" అని రాసేస్తారు. అప్పుడు పొద్దున ఆరు, మధ్యాహ్నం రెండు, రాత్రి పది అవుతుంది. మూడు పూటలా తిన్నాక అంటే ఎనిమిది, ఒకటిన్నర, ఎనిమిదిన్నర. ఈ రెండోదాంట్లో రాత్రంతా దాదాపు పన్నెండు గంటల ఖాళీ ఉంటుంది. కొన్ని యాంటీబయాటిక్‌లకి డాక్టరు ఖచ్చితంగా ఎనిమిది గంటల ఎడం కావాలని అనుకుని ఉండొచ్చు, కడుపులో మంట పుట్టించే నొప్పి మాత్రలకైతే తిన్నాక పడటమే ముఖ్యం, గంటలు కాదు. చీటీ చూసి ఏది అనేది మనం తేల్చేయకూడదు. డాక్టరు రాయనిదాన్ని మన తెలుగులో కొత్తగా చేర్చడం, రాసినదాన్ని వదిలేయడం ఎంత తప్పో అంత తప్పు.

ఇంత చేశాక కూడా "అర్థమైందా పెద్దమ్మా?" అని అడిగితే జవాబు ఎప్పుడూ "ఆఁ, అర్థమైంది" అనే వస్తుంది. పెద్దవాళ్ళు మన ముఖం చూసి, మన వెనక లైను చూసి, మొహమాటానికి అంటారు. 2006లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనం నాకు బాగా గుర్తు. చదువు తక్కువ ఉన్న రోగులకి "రెండు మాత్రలు, రోజుకు రెండుసార్లు" అని ఉన్న లేబుల్ చూపించారు. నూటికి 71 మంది దాన్ని సరిగ్గా చదివి చెప్పారు. మరి రోజుకి ఎన్ని మాత్రలో తీసి చూపించమంటే, సరిగ్గా నాలుగు చూపించినవాళ్ళు 35 మంది. చదవడం వచ్చినవాళ్ళలోనే సగం మంది అక్కడ తప్పారు. మన "పూటకు రెండు" కీ "రోజుకు రెండు" కీ మధ్య జరిగే తికమక అచ్చం ఇదే. అందుకే నేను స్ట్రిప్పులన్నీ కౌంటర్ మీద పరిచి, "రేపు పొద్దున లేచావు, మొదట ఏది తీస్తావు? ఎన్ని? దేనితో మింగుతావు?" అని అడుగుతాను. చూపించమంటాను. తడబడిన చోట తప్పు ఆమెది కాదు, నా రాతది. ఆ వాక్యం కొట్టేసి మళ్ళీ రాస్తాను.

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళే తల్లిదండ్రులు అక్కడి మందు డబ్బాల మీది మాటలు కూడా ఇలాగే రాయించుకుంటారు. కాలిఫోర్నియాలో 2011 నుంచి లేబుళ్ళ మీద "పొద్దున ఒకటి, ఈవెనింగ్ ఒకటి" లాంటి విడమరిచిన వాక్యాలు వాడే పద్ధతి ఉంది, అక్కడి ఫార్మసీ బోర్డు వాటిని చైనీస్, కొరియన్, రష్యన్, స్పానిష్, వియత్నామీస్ భాషల్లోకి చేయించి పెట్టింది. తెలుగు అందులో లేదు, కాబట్టి ఆ పని ఇంట్లో కొడుకో కూతురో చేయాల్సిందే. "రోజుకు రెండుసార్లు" కంటే ఆ వాక్యాలు చాలా నయం. కానీ ఆ ఈవెనింగ్‌ని సాయంత్రం చేస్తే మళ్ళీ మొదటికే వస్తాం, ఎందుకంటే అమెరికాలో ఉన్నా మనవాళ్ళు అన్నం తినేది ఎనిమిది దాటాకే.

పెద్దమ్మకి చివరికి రాసిచ్చిన కాగితం ఇది. మందుల అసలు పేర్లు పక్కన రాసి, ప్రతి వరసలో ఆ స్ట్రిప్పు రంగు కూడా పెట్టాను. ఇక్కడ అవి వదిలేస్తున్నాను.

పొద్దున లేవగానే, అయిదున్నరకి: థైరాయిడ్ మాత్ర 1, మంచినీళ్ళతో. గంట దాకా టీ వద్దు.
ఎనిమిదింటికి, టిఫినుకి అరగంట ముందు: గ్యాస్ మాత్ర 1.
ఎనిమిదిన్నరకి, టిఫిను ముందు పెట్టుకున్నాక: షుగర్ మాత్ర 1, బీపీ మాత్ర 1. వెంటనే తినాలి.
మధ్యాహ్నం అన్నం తిన్నాక: కాల్షియం మాత్ర 1.
సాయంత్రం టీ వేళ: ఏ మాత్రా లేదు.
రాత్రి అన్నం కంచం ముందు పెట్టుకున్నాక: షుగర్ మాత్ర 1. వెంటనే తినాలి.
పడుకునే ముందు: కొలెస్ట్రాల్ మాత్ర 1.
ఆదివారం మాత్రమే, మధ్యాహ్నం అన్నం తిన్నాక: విటమిన్ డి క్యాప్సూల్ 1. మిగతా రోజులు వద్దు. ఎనిమిది గడులు నిండాక ఆపేయాలి.

కింద విడిగా మోకాలి నొప్పి మాత్ర సంగతి, శనివారం ఒక్కపొద్దు సంగతి, చెమటలు, వణుకు వస్తే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలుపుకుని వెంటనే తాగి, తర్వాత అన్నం తిని, డాక్టరుకి చెప్పాలని. అలాగే ఏదైనా మాత్ర మర్చిపోతే తర్వాతి పూట రెండు కలిపి వేసుకోవద్దని రాశాను.

సాయంత్రం వరసలో "ఏ మాత్రా లేదు" అని కావాలనే రాశాను. ఆ వేళకి వేసుకోవడం ఆమెకి అప్పటికే అలవాటైపోయింది. ఖాళీగా వదిలేస్తే పాత అలవాటే నడుస్తుంది.

స్ట్రిప్పుల మీద స్కెచ్ పెన్నుతో ఉ, మ, రా అని మేం రాసే అక్షరాలు కూడా అలాగే ఉంచాను, కాకపోతే స్ట్రిప్పుని ముక్కలు చేసి కవర్లలో వేయడం మానేశాను. మందు పేరు, ఎక్స్‌పైరీ తేదీ ఉన్న ముక్క ఎటో పోతే, ఆమెని అర్ధరాత్రి ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సి వచ్చినప్పుడు ఏం వేసుకుంటోందో ఎవరూ చెప్పలేరు. పై మూలన ఆ రోజు తేదీ, డాక్టరు ఫోన్ నంబరు రాశాను. వచ్చే నెల డాక్టరు మందులు మారిస్తే పాత కాగితం మీద కొట్టివేతలు పెట్టొద్దని, ఆ కాగితం షాపుకి తెచ్చి చింపించుకుని కొత్తది రాయించుకోమని చెప్పాను. ఫ్రిజ్జు మీద ఒకటి, దిండు కింద ఒకటి, రెండు తేదీల కాగితాలుంటే ఆమె ఏది చూసి వేసుకుంటుందో హైదరాబాదులో ఉన్న కొడుక్కీ తెలియదు, నాకూ తెలియదు.